కోటు కాజా: ముందు కుట్టా, ముందు కోతా?

చొక్కా కాజాల గురించి ఎవరికీ పెద్దగా బెంగ ఉండదు. దర్జీ చొక్కాలన్నీ మూటకట్టి కాజా మిషన్ ఉన్న కొట్టుకి పంపుతాడు, సాయంత్రానికి అన్నీ కాజాలు వేయించుకుని తిరిగొస్తాయి. ఆ మిషన్‌లో సూది అటూ ఇటూ ఊగుతూ రెండు వరసలు కుడుతుంది, ఆఖర్న చిన్న కత్తి టక్కున దిగి మధ్యలో కోసేస్తుంది. అంతా కొన్ని క్షణాల పని. అదే మిషన్ కిందికి ఉన్ని ఓవర్ కోటు అంచు తోసి చూడండి. పాదం కిందికి బట్ట దూరడమే గగనం. దూరినా కదలదు. కదిలినా సూది ఒకేచోట పది కుట్లు వేసి దారం ఉండ చుట్టేస్తుంది.

ఓవర్ కోటు ముందు అంచు ఎంత మందం ఉంటుందో ఒకసారి లెక్క వేద్దాం. పైన మెల్టన్ బట్ట అనుకోండి. మెల్టన్ అంటే నేసిన తర్వాత తడిపి, నలిపి, ఉన్ని పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయేదాకా చిక్కబరిచిన దళసరి ఉన్ని. ఇంగ్లండు చలికి పుట్టిన బట్ట అది. ఒక్కో పొర రెండు మిల్లీమీటర్లు. లోపల బిగువు కోసం కాన్వాస్, దాని వెనక లోపలి పట్టీగా మళ్ళీ అదే మెల్టన్. అన్నీ కలిపి ఐదు మిల్లీమీటర్ల దళం. దాని గుండా గుండీ రోజుకి నాలుగైదు సార్లు దూరి రావాలి, పదేళ్ళు రావాలి. పైగా కోటు అంతా కుట్టి, ఇస్త్రీ చేసి, అంచులు తేల్చాక చివరి రోజున వేసేవి ఈ కాజాలు. చంక కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కోటు రొమ్ము మీద పడ్డ కోతను వెనక్కి తీసుకోలేం.

అందుకే కాజా గురించి మాట్లాడేటప్పుడు కుట్టు కన్నా ముందు కోత గురించే మాట్లాడాలి. మామూలు ఇంటి మిషన్ కాజాలో ముందు కుట్టి తర్వాత కోస్తాం. చేతి కాజాలో ముందు కోసి తర్వాత కుడతాం. రెండింటి అందం, గట్టిదనం, ప్రమాదం అన్నీ ఈ వరస నుంచే పుడతాయి. కుట్టాక కోస్తే కోసిన అంచు రెండు కుట్టు వరసల మధ్య బోసిగా మిగిలిపోతుంది. లోపలి కాన్వాస్ పోగులు తెల్లగా బయటికి తొంగిచూస్తాయి. కోశాక కుడితే దారం ఆ అంచుని చుట్టేసి పూర్తిగా కప్పేస్తుంది, గుండీ రాసుకునేది బట్టకి కాదు, దారానికి. బట్టల ఫ్యాక్టరీలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. 1881లో అమెరికాలోని బోస్టన్‌లో జాన్ రీస్ పేరు మీద కాజా మిషన్ల కంపెనీయే మొదలైంది. కోట్లకు వేసే కన్ను కాజా మిషన్లలో ముందుగా కోసి, ఆ కోసిన అంచు మీద కుట్టే రకం కూడా ఉంది. అంటే చెయ్యి చేసే వరసనే ఇనుముకి నేర్పారన్నమాట. ఆ భాగ్యం ఇంట్లో ఉండే మిషన్‌కి లేదు.

ఇక పనిలోకి వద్దాం. మోకాళ్ళ దాకా వచ్చే మెల్టన్ కోటు, ముందు మూడు గుండీలు, గుండీ అడ్డం 25 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు. కాజా పొడవు ఎంత పెట్టాలి?

గుండీ అడ్డానికి మందం కలపాలి. ఇక్కడ 29. సన్నటి బట్టకైతే ఇది సరిపోతుంది. దళసరి బట్టలో కాజా పెదవులు కూడా లావుగా ఉంటాయి, గుండీ ఏటవాలుగా దూరేటప్పుడు అవి అడ్డుపడతాయి. కాబట్టి ఒక మిల్లీమీటరు వదులు ఇచ్చి 30 పెడదాం. ఈ కొలత తెరుచుకునే భాగానిది మాత్రమే, చివర వేసే అడ్డకుట్టు దీని బయట ఉంటుంది. అడ్డకుట్టుని కూడా ముప్ఫైలో కలిపేస్తే కాజా రెండు మిల్లీమీటర్లు పొట్టిదైపోయి ప్రతిసారీ గుండీని తోయాల్సి వస్తుంది, తోసితోసి ఆ మూలే ముందు చిరుగుతుంది. గుండీ బల్లపరుపుగా కాక ఉబ్బెత్తుగానో గోళీలానో ఉంటే అడ్డం, మందం అని విడివిడిగా కొలవడం కుదరదు. సన్నటి కాగితం పట్టీని గుండీ చుట్టూ బిగించి, కలిసిన చోట గోటితో నొక్కి, పట్టీ విప్పి ఆ పొడవులో సగం తీసుకుంటే సరి.

కాగితం మీద లెక్క ఎంత సరిగ్గా వచ్చినా కోటు మీద కత్తెర పెట్టే ముందు ఒక తుంట మీద చూసుకోవాలి. తుంట అంటే మెల్టన్ ముక్క ఒక్కటే కాదు. మెల్టన్, కాన్వాస్, మళ్ళీ మెల్టన్, అంచున లోపలికి మడతపడ్డ కుట్టు బట్టతో సహా కోటులో ఉన్న పొరలన్నీ అదే వరసలో ఉండాలి. దాని మీద 30 మిల్లీమీటర్ల గీత గీసి కోసి, కుట్టకుండానే గుండీని దూర్చి చూడండి. కుట్టని కోతలో గుండీ కాస్త సులువుగా జారాలి, ఎందుకంటే దారం పడ్డాక నోరు ఇంకా బిగుస్తుంది. ఇప్పుడే బిగువుగా ఉంటే 31కి వెళ్ళండి. వేలితో తోయకుండానే జారిపోతుంటే 29 చాలు. ఇదే తుంట తర్వాత మిషన్ కాజా ఒకటి, చేతి కాజా ఒకటి వేసి పోల్చుకోవడానికి కూడా పనికొస్తుంది, కాబట్టి పెద్దదిగానే కత్తిరించుకోండి.

పొడవు తేలాక చోటు తేలాలి. అడ్డంగా ఉండే కాజాలో గుండీ ఎప్పుడూ ఒక చివరికే చేరుతుంది, కోటు అంచు వైపు ఉన్న చివరికి. ఒంటి మీద కోటు బిగిసినప్పుడు బట్ట వెనక్కి లాగుతుంది, గుండీ ఆ కొసకి వచ్చి ఆగుతుంది. అందుకే కోటు కాజాకి ఆ కొసన చిన్న గుండ్రటి కన్ను పెడతారు, గుండీ కింది దారపు కాడ అందులో నలగకుండా కూర్చుంటుంది. కన్ను లేకపోతే ఆ కాడ సన్నటి చీలికను రెండు వైపులా తోసి కాజాని ఆవలించినట్టు తెరిచి ఉంచుతుంది. వేసుకున్న కోటులో కాజాలు నోళ్ళు తెరుచుకుని కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

మన కోటులో రెండు పక్కలు ఒకదాని మీద ఒకటి పడే నడిమి గీత అంచు నుంచి 25 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. గుండీలు కుట్టేది ఆ గీత మీద. కాజా ఆ గీత దగ్గరే మొదలవకూడదు. కాడ మందానికి చోటు ఇవ్వడానికి 3 మిల్లీమీటర్లు అంచు వైపు జరగాలి. కాబట్టి కన్ను బయటి కొస అంచు నుంచి 22 మిల్లీమీటర్ల దగ్గర, లోపలి కొస 52 దగ్గర. అంచుకి సమాంతరంగా ఈ రెండు దూరాల్లో రెండు నిలువు గీతలు, మూడు కాజాల దగ్గర మూడు అడ్డగీతలు వస్తే గుర్తు పెట్టడం అయినట్టే. మగవారి కోటైతే ఎడమ పక్క మీద, ఆడవారిదైతే కుడి పక్క మీద. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా గుర్తులు పెట్టే ముందు కోటు వేసుకుని ఒకసారి చూసుకోవడం మంచిది, బల్ల మీద బోర్లా వేసిన కోటు కుడి ఎడమల్ని తారుమారు చేస్తుంది.

గీతలు దేంతో గీయాలి అన్నది చిన్న ప్రశ్నలా ఉంటుంది. నూగు ఉన్న ఉన్ని మీద దర్జీ సుద్ద గీత రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున పడుతుంది. మూడు మిల్లీమీటర్ల లెక్కతో చోటు నిర్ణయించి, మూడు మిల్లీమీటర్ల మందం గీత గీస్తే ఆ లెక్కంతా నీళ్ళపాలే. పైగా మిషన్ పాదం రెండుసార్లు రాసుకునేసరికి సుద్ద చెరిగిపోతుంది. దళసరి కోటు మీద నమ్మదగింది దారం గీతే. కోటుకి భిన్నంగా కనబడే రంగు నూలు దారంతో, అన్ని పొరలూ కలిసేటట్టు, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోండి. ఆ దారమే పొరలు జారకుండా పట్టి ఉంచుతుంది కూడా. కాజాల మధ్య దూరానికి టేపు మూడుసార్లు పట్టడం కన్నా అట్టముక్క మీద ఒకసారి కొలిచి గాట్లు పెట్టి, ఆ అట్టనే అంచు వెంట జరుపుకుంటూ పోతే మూడూ ఒక్కలా వస్తాయి. అడ్డగీత బట్ట పేక పోగు వెంటే పోవాలి. మెల్టన్‌లో పోగు కనబడదు, అందుకని అంచుకి మూలమట్టం పెట్టి చూసుకోవాలి.

ఇప్పుడు మిషన్ సంగతి. ఈ కాలం ఇంటి మిషన్లలో కాజా పాదం వెనక గుండీ పెట్టే చోటు ఉంటుంది, గుండీ అక్కడ బిగిస్తే మిషన్ దాన్ని చూసి పొడవు తానే తీసుకుంటుంది. చాలా మిషన్లలో 25 మిల్లీమీటర్ల గుండీ ఆ పట్టుకి దాదాపు ఆఖరి హద్దు. మన గుండీ సరిగ్గా ఆ హద్దు మీద ఉంది, మందం నాలుగు. మిషన్ తీసుకున్న పొడవు చాలకపోవచ్చు. తుంట మీద కుట్టి, స్కేలు పెట్టి కొలిచి చూడకుండా నమ్మకండి.

అసలు చిక్కు మాత్రం పొడవు దగ్గర లేదు, పాదం దగ్గర ఉంది. కాజా పాదం పొడుగ్గా ఉంటుంది. కోటు అంచు దగ్గర దాని ఒక కొస దళసరి బట్ట మీద, ఇంకో కొస అంచు దాటి గాలిలో ఉంటుంది. లేదా లోపల మడతపడ్డ కుట్టు బట్ట గట్టు మీదికి ఎక్కి ఒక పక్కకి ఒరుగుతుంది. ఒరిగిన పాదం బట్టను సమంగా నొక్కదు, కింది పళ్ళకు పట్టు చిక్కదు. ఒక వరస దట్టంగా, ఇంకో వరస పలచగా పడుతుంది. రెండు వరసలూ ఒకచోట ముగియవు, ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందే ఆగిపోతుంది. ఈ తప్పుల్ని కళ్ళ కన్నా ముందు చెవులు పట్టేస్తాయి. టకటకమని పోవాల్సిన సూది ఒకేచోట దబ్‌దబ్‌మని మోగుతుంటే బట్ట కదలడం లేదని అర్థం. వెంటనే ఆపేయాలి. ఇంకా కోయలేదు కాబట్టి నష్టం ఏమీ లేదు. కోటు తిరగేసి వెనక వైపు నుంచి దారాలు ఒక్కొక్కటీ తెంపి లాగేస్తే మెల్టన్ నూగు ఆ రంధ్రాలను కప్పేస్తుంది. మిషన్ కాజాలో ఉన్న పెద్ద ఊరట ఇదే. కుట్టు చెడినా బట్ట మిగులుతుంది.

పాదాన్ని బల్లపరుపు చేయడమే ఇక్కడ చేయాల్సింది. అంచు దాటి గాలిలో ఉన్న కొస కింద అదే మందం ఉన్న బట్ట మడత పెట్టండి, కోటు అంచుని ఆనుకుని. తుంట ముక్కలు అందుకే పారేయకూడదు. నూగు మీద పాదం జారేందుకు పైన పల్చటి కాగితం పరిచి కుట్టి, తర్వాత చింపేయవచ్చు. సూది 16వ నంబరు వాడండి, 14 మీద ఐదు మిల్లీమీటర్ల దళం వంగి విరుగుతుంది. కుట్ల మధ్య ఎడం చొక్కా కన్నా ఎక్కువ ఉండాలి, సుమారు అర మిల్లీమీటరు. దట్టంగా ఉంటేనే గట్టి అనుకుని ఎడం తగ్గిస్తే ఆ బట్టను సూది చిల్లులతో మీరే కోసినట్టు. పలచగా ఒకసారి కుట్టి, దాని మీదే రెండోసారి పోనిస్తే దట్టం కూడా వస్తుంది, బట్ట కూడా ఆగదు.

పాత నల్ల మిషన్ ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. తిన్నగా మాత్రమే కుట్టే ఆ మిషన్లకు తగిలించే కాజా పరికరం ఒకటి వచ్చేది, సింగర్ వాళ్ళది బాగా తెలిసినది. లోపల అచ్చు బిళ్ళ పెడతారు. పరికరమే బట్టను బిగించి పట్టుకుని ఆ అచ్చు ప్రకారం అటూ ఇటూ తిప్పుతుంది, కింది పళ్ళతో దానికి పని లేదు. దళసరి బట్టకి ఇప్పటి ఖరీదైన మిషన్ కన్నా ఇదే నయం అని నా అభిప్రాయం. కానీ అచ్చు ఎంత పొడవుంటే కాజా అంతే. పెద్ద అచ్చులు అంగుళం దగ్గర్లో ఆగిపోతాయి, మన ముప్ఫైకి అవి చాలవు. గుండీ 22 మిల్లీమీటర్లదైతే ఆలోచించవచ్చు.

కుట్టు బాగా వచ్చింది. ఇప్పుడు కోయాలి, ఇక్కడే ఎక్కువ కోట్లు పాడయ్యేది. ఇంట్లో అందరి దగ్గరా ఉండే సాధనం కుట్టు విప్పే రిప్పర్. దాన్ని ఒక కొసన గుచ్చి ముందుకి తోసేయడం చాలామంది అలవాటు. పల్చటి బట్టలో ఫరవాలేదు. మెల్టన్‌లో ఆ బ్లేడుకి బలం పెట్టి తోయాలి. మూడు పొరలు ఒక్కసారిగా తెగినప్పుడు చెయ్యి ఆగదు, అడ్డకుట్టుని కోసేసి అంచు దాకా పోతుంది. అడ్డకుట్టుకి ఇవతల, కాజా లోపలి వైపున అడ్డంగా గుండుసూది గుచ్చమనేది అందుకే. బ్లేడు సూదికి తగిలి ఆగుతుంది. రెండు కొసలకీ సూదులు పెట్టి, ఒక కొస నుంచి సగం దాకా, రెండో కొస నుంచి సగం దాకా, ఎప్పుడూ మధ్యకే కోసుకురావాలి. చెయ్యి జారినా జారేది ఇంకా కోయాల్సిన చోటికే.

ఇంకో ప్రమాదం పైకి కనబడదు. మందపాటి బట్టలో బ్లేడు నిటారుగా దిగకపోతే పైన రెండు వరసల మధ్య సరిగ్గా దిగినా, ఐదు మిల్లీమీటర్ల కిందికి వచ్చేసరికి పక్కకి జరిగి వెనక వరస కుట్లను కోసేస్తుంది. ముందు నుంచి చూస్తే కాజా చక్కగా ఉంటుంది. నాలుగు రోజులు తొడిగాక వెనక దారాలు ఊడి వేలాడతాయి. రిప్పర్‌ని వంచి పట్టుకునే కోస్తాం కాబట్టి దానితో ఇది తరచు జరుగుతుంది. మడతపెట్టి కత్తెరతో మధ్యలో గాటు పెట్టే పద్ధతి కూడా కోటుకి పనికిరాదు, అంత దళం మడిచినప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి జరిగిపోతాయి.

దళసరి బట్టకి సరైనది ఉలి. కాజాలు కోయడానికే సన్నటి ఉలి, చిన్న చెక్క దిమ్మ కలిపి అమ్ముతారు. వడ్రంగి దగ్గరి 12 మిల్లీమీటర్ల ఉలిని బాగా సానపెట్టించినా సరే. కోటుని దిమ్మ మీద ముఖం పైకి ఉండేలా పరిచి, ఉలిని నిటారుగా రెండు వరసల మధ్య నిలిపి, చెక్క సుత్తితో ఒక్క దెబ్బ. ఉలి పై నుంచి కిందికి ఒకే గీతలో దిగుతుంది, పక్కకి పోదు, ముందుకి జారదు. మన ముప్ఫైకి 12 ఉలి మూడు దెబ్బలు. ముందు రెండు కొసల్లో, ఆఖర్న మధ్యలో, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా. కాజా కన్నా ఉలి వెడల్పుగా ఉంటే దర్జీల పాత కిటుకు ఒకటి ఉంది. అడ్డకుట్టు సరిగ్గా దిమ్మ అంచు మీదికి వచ్చేలా కోటు జరపాలి. ఉలి మిగతా భాగం దిమ్మ బయట గాలిలో ఉంటుంది, కింద ఆనిక లేనిచోట బట్ట తెగదు. కన్ను కాజా అయితే ముందు కన్నుని పంచ్‌తో గుండ్రంగా తీసేసి, ఆ తర్వాతే చీలిక కోయాలి.

కోశాక నోట్లోంచి తెల్ల పోగులు కనిపిస్తే వాటిని లాగకండి. చిన్న కత్తెరతో మొదలంటా కత్తిరించండి. మెల్టన్ అంచు మామూలుగా పోగులు విడవదు, చిక్కబరిచిన బట్ట కనుక. ట్వీడ్ అలా కాదు, వదులు నేత, పోగులు ఊడుతూనే ఉంటాయి. ట్వీడ్ కోటుకి ఒట్టి మిషన్ కాజా నేనైతే వేయను.

చేతి కాజా వేసేవాళ్ళకి కోత ముందే వస్తుంది, కాబట్టి గుండె దడ కూడా ముందే వస్తుంది. దాన్ని తగ్గించే పని ఒకటుంది. గీత చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలో, మిషన్ మీద చిన్న తిన్నని కుట్లతో పొడుగాటి పెట్టె కుట్టుకోవాలి. పొరలన్నీ ఒక్కటవుతాయి, కోత ఎక్కడ ఆగాలో కంటికి తెలుస్తుంది. తర్వాత పైన వేసే దారం ఈ కుట్టుని కప్పేస్తుంది. కన్ను పంచ్‌తో తీసి, ఉలితో చీలిక కోసి, వెంటనే సన్నదారంతో అంచు చుట్టూ వదులుగా చుట్టుకుట్టు వేయాలి. బిగిస్తే అంచు ముడుచుకుపోతుంది.

లండన్ సావిల్ రోలో కోటు కత్తిరించేది ఒకరు, కుట్టేది ఒకరు, కాజాలు వేసి తుది మెరుగులు దిద్దేది ఇంకొకరు. ఆ చివరి పనివాళ్ళను ఫినిషర్లంటారు. వాళ్ళు వాడే దారం గట్టిగా మెలిపెట్టిన పట్టు దారం. మనకి అది దొరక్కపోతే జీన్స్ మీద పైకుట్టుకి వాడే లావు పాలిస్టర్ దారం పనిచేస్తుంది, మెరుపు మాత్రం తక్కువ. ఎంత దారం కావాలి? చీలిక రెండు పక్కలా 30 చొప్పున, కన్ను చుట్టుతో కలిపి సుమారు 70 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకో కుట్టు అంటే 70 కుట్లు. ఒక్కో కుట్టులో దారం అంచు దిగి, వెనక మూడు మిల్లీమీటర్లు పోయి, బట్టలోంచి పైకి వచ్చి, ముందు మూడు మిల్లీమీటర్లు నడిచి, ముడి పడుతుంది. ఐదు మిల్లీమీటర్ల దళానికి కుట్టుకి 18 మిల్లీమీటర్లు ఖర్చు. అంటే మీటరుంపావు పైన. కొసలతో కలిపి మీటరున్నర తీసుకోండి. మధ్యలో దారం అయిపోతే అతుకు కనబడుతుంది, అందుకే ఈ లెక్క. అంత పొడుగు దారం చిక్కుపడకుండా తేనెమైనం పూసి, రెండు కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మైనం లోపలికి ఇంకి దారం బిరుసుగా, నునుపుగా అవుతుంది.

అంచు వెంట ఒక లావుపాటి తాడు దారం కూడా పరుస్తారు. దాన్ని జింప్ అంటారు. కుట్లన్నీ దాని మీదుగా పోతాయి. కాజా పెదవి ఉబ్బెత్తుగా నిలబడేది, ఏళ్ళ తరబడి సాగకుండా ఉండేది దీనివల్లే. కాజా దారాన్నే నాలుగు పోగులు కలిపి మైనం పూసి మెలిపెట్టినా జింప్ అవుతుంది.

కుట్టు మొదలయ్యేది కన్ను లేని లోపలి కొస నుంచి. సూది చీలికలోంచి కిందికి దిగి, అంచుకి మూడు మిల్లీమీటర్ల లోపల బట్టలోంచి పైకి రావాలి. సూది సగం బయటికి వచ్చి ఆగినప్పుడు, సూది కన్ను దగ్గర వేలాడే దారాన్ని తీసుకుని సూది మొన కింద చుట్టాలి. అప్పుడు సూది లాగితే ముడి పడుతుంది. ఈ చుట్టు లేకపోతే అది ఒట్టి చుట్టుకుట్టే అవుతుంది, ముడి ఉండదు, కాజా కోసిన అంచు బయటే ఉంటుంది. ముడిని లాగేటప్పుడు దారం మీ వైపుకి కాకుండా చీలిక మీదుగా పైకి లాగాలి. అప్పుడే ముడి కోసిన అంచు నడినెత్తిన కూర్చుంటుంది. పక్కకి లాగితే ముడి బట్ట ముఖం మీద పడుతుంది. ఒకే బలంతో లాగాలి. ఒకటి బిగువు, ఒకటి వదులు అయితే పెదవి అలల్లా కనిపిస్తుంది. కన్ను చుట్టూ కుట్లు విసనకర్ర పుల్లల్లా విచ్చుకోవాలి, ముళ్ళు దగ్గరగా, బట్టలో మొనలు ఎడంగా. తిరిగి మొదటి కొసకి వచ్చాక జింప్ రెండు చివరలూ లాగి బిగించి లోపలికి దోపి, రెండు పెదవుల్నీ కలుపుతూ నాలుగు పొడుగు దారాలు అడ్డంగా వేసి, వాటి మీద చుట్టుకుట్టు కుడితే అడ్డకుట్టు అవుతుంది.

మొదటిసారి వేసేవాళ్ళకి ఒక్క కాజాకి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. అంత ఓపిక లేనివాళ్ళకి నేను చెప్పేది మధ్యేమార్గం. మిషన్ మీద ఎడంగా, సన్నగా ఒక కాజా కుట్టి, ఉలితో కోసి, ఆ తర్వాత దాని మీద చేత్తో ముడికుట్టు వేయడం. కోత భయం మిషన్ కుట్టు తీసేస్తుంది, బోసి అంచుని చేతికుట్టు కప్పుతుంది. మిషన్ కుట్టే అంచుని పట్టుకుంటుంది కాబట్టి చుట్టుకుట్టు అక్కర్లేదు. మెల్టన్‌కీ ట్వీడ్‌కీ రెండింటికీ ఇది సరిపోతుంది. ఒట్టి చేతి కాజాకున్నంత సన్నటి పెదవి రాదు, అంతే తేడా.

మిషన్ కాజా అయినా చేతి కాజా అయినా పూర్తయ్యాక పెదవులు రెండూ దగ్గరగా తెచ్చి కచ్చా దారంతో మూసేయాలి. మందపాటి తువాలు మీద కోటుని బోర్లా వేసి, తడిగుడ్డ పరిచి ఆవిరి పట్టి, ఆరేదాకా కదపకూడదు. రాత్రంతా అలా వదిలి మర్నాడు ఆ దారం తీస్తే నోరు మూసుకునే ఉంటుంది.

గుండీ కుట్టేది ఆ తర్వాతే. కాజా మూసి ఉండగా రెండు పక్కలూ ఒకదాని మీద ఒకటి పరిచి, కన్నులోంచి గుండుసూది దించితే గుండీ చోటు నడిమి గీత మీద తేలుతుంది. గుండీకి, బట్టకి మధ్య ఐదు మిల్లీమీటర్ల కాడ వదలాలి, కాజా పక్క దళం ఎంతో అంత. గుండీ మీద రెండు అగ్గిపుల్లలు కలిపి పెట్టి వాటి మీదుగా దారం పోనిచ్చి, పుల్లలు తీసేసి, గుండీని పైకి లాగి కాడ చుట్టూ ఆరేడు సార్లు దారం చుట్టండి. కాడ ఐదుకి తక్కువ ఉందనిపిస్తే పుల్లలు ఒకటి పెంచండి. లోపలి వైపు, సరిగ్గా గుండీ కింద చిన్న చదును గుండీ ఒకటి కలిపి కుడితే బరువు దాని మీద పడుతుంది, మెల్టన్ మీద లాగుడు పడదు.